రెండుకు ఒకటి ఉచితమా, నేరుగా 30 శాతం తగ్గింపా? ఒక్కో బిళ్ళ ఎంత పడుతుంది

పద్మజ_ఎంఆర్‌పల్లి
అందరికీ నమస్కారం. తిలక్ రోడ్డులో ఒక షాపులో ఒంటి సబ్బు రెండు కొంటే ఒకటి ఉచితం అని బోర్డు పెట్టారు. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఇంకో షాపులో అదే సబ్బు మీద నేరుగా 30 శాతం తగ్గింపు ఇస్తున్నారు. రెండు చోట్లా బిళ్ళ 100 గ్రాములే, ఎమ్మార్పీ 50 రూపాయలే. మా ఇంట్లో నెలకు నాలుగు బిళ్ళలు అవుతాయి. ఒక్కో బిళ్ళ ఎక్కడ తక్కువకు పడుతుందో చెప్పగలరా?

శీను_కొర్లగుంట
ఇందులో ఆలోచించేదేముందక్కా. మూడిట్లో ఒకటి ఊరికే వస్తే 33 శాతం తగ్గినట్టే. 33 పెద్దదా, 30 పెద్దదా? తిలక్ రోడ్డుకే పొండి.

బిల్లు_కౌంటరు
శీనూ, నువ్వు చెప్పింది మూడు బిళ్ళలకైతే సరిపోతుంది. పద్మజ గారు అడిగింది నాలుగు.

మూడు తీసుకుంటే తిలక్ రోడ్డులో 100 రూపాయలు, అంటే బిళ్ళ 33 రూపాయల 33 పైసలు. బైపాస్‌లో బిళ్ళ 35. ఇక్కడి వరకు ఆఫరుదే పైచేయి. నాలుగో బిళ్ళ దగ్గర కథ మారుతుంది. దానికి జత లేదు కాబట్టి పూర్తి 50 కట్టాలి. మొత్తం 150, బిళ్ళకు 37 రూపాయల 50 పైసలు. బైపాస్‌లో నాలుగూ 140కే వస్తాయి. అయిదు కొంటే తేడా ఇంకా ఎక్కువ: అక్కడ 200, ఇక్కడ 175.

ఆఫరులో 33 శాతం అనేది మూడు, ఆరు, తొమ్మిది దగ్గరే దొరుకుతుంది. నాలుగు కొంటే అది 25 శాతానికి, అయిదు కొంటే 20 శాతానికి పడిపోతుంది. నేరుగా తగ్గింపు అలా కాదు, ఒకటి కొన్నా పది కొన్నా 30 శాతమే.

శీను_కొర్లగుంట
అయిదు కొనేవాళ్ళు ఆరు తీసుకోరా ఏంది? ఆరో బిళ్ళ ఊరికే కదా.

బిల్లు_కౌంటరు
అది మంచి మాటే. ఆఫరులో అయిదుకూ 200, ఆరుకూ 200. కౌంటరు దగ్గర అయిదు బిళ్ళలతో నిలబడేవాళ్ళు రోజూ ఉంటారు. మెషీన్ తనంతట తాను "ఇంకోటి తెచ్చుకోండి" అని చెప్పదు. స్కాన్ చేసిన వాటికే లెక్క కడుతుంది. రెండు స్కాన్ చేస్తే రెండింటికీ పూర్తి ధర వేసి ఊరుకుంటుంది. మూడోది బుట్టలో ఉండాలి, బిల్లులోకీ ఎక్కాలి.

సబ్బు చెడిపోయే సరుకు కాదు కాబట్టి పద్మజ గారు నెలకు నాలుగని లెక్క కట్టక్కర్లేదు, మూడు నెలలకు పన్నెండని కట్టొచ్చు. పన్నెండు బిళ్ళలు తిలక్ రోడ్డులో 400, బైపాస్‌లో 420. తేడా ఇరవై రూపాయలు. ఎం.ఆర్.పల్లి నుంచి అంత దూరం ఆటో కట్టించుకుని పోతే ఆ ఇరవై ఆటోకే చాలదు, అది వేరే విషయం.

పద్మజ_ఎంఆర్‌పల్లి
పన్నెండుకు తేడా ఇరవయ్యేనా! నేనింకా ఎంతో అనుకున్నాను. అయితే పది కొంటే?

బిల్లు_కౌంటరు
పది కొంటే రెండూ సమానం. ఆఫరులో తొమ్మిదికి 300, పదోదానికి 50, మొత్తం 350. అక్కడా పది ముప్పై అయిదులు 350.

తాతయ్యగుంట_వాసి
ఒక చిన్న అనుమానం. ఉచితంగా ఇచ్చే బిళ్ళ, మనం కొన్న బిళ్ళ ఒకే సైజేనా? ఒకే రేపర్‌లో చుట్టి వచ్చే కట్టల్లో చాలాసార్లు ఉచితంది చిన్నదిగా ఉంటుంది. 125 గ్రాములవి రెండు, పక్కన 75 గ్రాములది ఒకటి. బోర్డు మీద మాత్రం "రెండుకు ఒకటి" అనే రాస్తారు.

బిల్లు_కౌంటరు
అసలు చూడాల్సింది అదే. అలాంటప్పుడు బిళ్ళలు లెక్కపెట్టకూడదు, గ్రాములు లెక్కపెట్టాలి. 125 గ్రాముల బిళ్ళ ఎమ్మార్పీ 60 అనుకుందాం. కట్టకు కట్టేది 120, చేతికొచ్చేది 325 గ్రాములు. గ్రాముకు దాదాపు 37 పైసలు. అదే 125 గ్రాముల బిళ్ళ 30 శాతం తగ్గింపులో 42 రూపాయలు, గ్రాముకు దాదాపు 34 పైసలు. మామూలు ధర గ్రాముకు 48 పైసలు. అంటే ఆ కట్ట ఇచ్చింది 23 శాతమే. 33 అని మనమే అనుకున్నాం, వాళ్ళు ఎక్కడా రాయలేదు.

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకు ఎంత అని అచ్చువేసి ఉంటుంది, చూడండి. ప్యాకేజ్డ్ సరుకుల తూనికలు కొలతల నిబంధనలు 2011లో వచ్చాయి. 2021లో వాటిని సవరించి ఈ యూనిట్ ధర రాయాలని పెట్టారు. కిలోకు లోపు బరువైతే గ్రాముకు, కిలో దాటితే కిలోకు. ద్రవాలకు మిల్లీలీటరుకో లీటరుకో రాస్తారు. అక్షరాలు చిన్నవి, మడతలో పోతుంటాయి, అయినా దొరుకుతుంది.

కానీ ఒక జాగ్రత్త. ఆ అంకె ఎమ్మార్పీని బట్టి కంపెనీ వేసింది. షాపువాడి ఆఫరు దానికి తెలియదు. పద్మజ గారి సబ్బు మీద గ్రాముకు 50 పైసలని ఉంటుంది. 30 శాతం తగ్గింపైతే దాన్ని 0.70తో గుణించాలి, 35 పైసలు. పూర్తి సైజు మూడు బిళ్ళల ఆఫరైతే రెండుతో గుణించి మూడుతో భాగించాలి, 33 పైసల పైచిలుకు. రెండు వేరు వేరు సైజుల ప్యాకెట్లను పోల్చడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

చిత్తూరు_చిన్నోడు
నాది వేరే కేసు నా. పెండ్లికి బట్టలు తీయాల. చిత్తూర్లో ఒక అంగట్లో రెండు తీస్తే ఒకటి ఉచితం అంటాండారు. ఇంకో అంగట్లో అన్నిట్లో 30 శాతం. మాకు పెద్దోళ్ళవి మూడు చొక్కాలు కావాల, ఒకోటి 900. పిలకాయలవి మూడు, ఒకోటి 400. ఆరు తీస్తే రెండు ఊరికే వస్తాయి కదా. మూడు గుణింతమే, కాబట్టి ఆఫరే మేలు అనుకుంటాండా. కరెక్టేనా?

శీను_కొర్లగుంట
కరెక్టే. ఆరు మూడు గుణింతం. అన్నే చెప్పినాడు కదా పైన.

గాంధీరోడ్డు_జౌళి
ఇద్దరూ ఆగండి. సబ్బులన్నీ ఒకే ధర, అందుకే ఆ లెక్క నిలిచింది. బట్టల్లో ధరలు వేరు వేరు. ఆఫరు బోర్డు కింద సన్నగా ఇంకో వాక్యం ఉంటుంది: ఉచితమయ్యేది తక్కువ ధరది. అక్కడే అంతా ఉంది.

ఆరు చొక్కాల మొత్తం 3900. అన్నీ ఒకే బిల్లులో వేస్తే చాలా షాపుల్లో మెషీన్ ఆరింటినీ ధర ప్రకారం పేర్చి, అట్టడుగున ఉన్న రెండింటిని ఉచితం చేస్తుంది. ఆ రెండూ పిల్లల చొక్కాలే. తగ్గేది 800, కట్టేది 3100. నేరుగా 30 శాతం ఇచ్చే అంగట్లో తగ్గేది 1170, కట్టేది 2730. అంటే ఆఫరులో పోతే 370 రూపాయలు ఎక్కువ కట్టినట్టు.

ఇప్పుడు అవే చొక్కాలు, అదే ఆఫరు, రెండు బిల్లులుగా వేయించు. మొదటి బిల్లులో పెద్దవాళ్ళవి మూడు. అన్నీ 900 కాబట్టి ఉచితమయ్యేదీ 900ది. రెండో బిల్లులో పిల్లలవి మూడు, ఉచితమయ్యేది 400ది. తగ్గేది 1300, కట్టేది 2600. ఈసారి 30 శాతం అంగడి కంటే 130 తక్కువ. సరుకు మారలేదు, ఆఫరు మారలేదు. బిల్లు విడగొట్టడం వల్లనే 500 తేడా వచ్చింది.

చిత్తూరు_చిన్నోడు
అబ్బా! ఇది తెలీక ఎంతమంది పోగొట్టుకుంటాండారో. అయితే ఎప్పుడూ రెండు బిల్లులు వేయించుకుంటే చాలా?

గాంధీరోడ్డు_జౌళి
విడగొట్టడమే కాదు, ఎలా విడగొట్టావన్నది ముఖ్యం. ఎక్కువ ధరవన్నీ ఒక చోట, తక్కువ ధరవన్నీ ఒక చోట ఉండాలి. 900వి రెండు, 400ది ఒకటి కలిపి ఒక బిల్లు వేస్తే మళ్ళీ 400దే పోతుంది. ధరల్ని పెద్ద నుంచి చిన్నకు వరసగా పేర్చుకో, పైనుంచి మూడేసి చొప్పున కట్టలు కట్టు. ప్రతి కట్టలో మూడోది నీకు ఉచితం. ఇంతే.

కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఒకే బిల్లులో కూడా ఇలాగే మూడేసి కట్టలుగా చేస్తాయి. అక్కడ విడగొట్టక్కర్లేదు. ఏ షాపుది ఏ రకమో బయట నుంచి తెలియదు. డబ్బు కట్టకముందే మొత్తం ఎంతయిందో అడుగు. 3100 అంటే అట్టడుగువి తీసింది, 2600 అంటే కట్టలు కట్టింది. 3100 అని చెబితే అప్పుడే రెండు బిల్లులు అడగాలి. రసీదు చించి చేతికిచ్చాక రద్దు చేయించడానికి మేనేజరు రావాలి, వెనకాల క్యూ గొణుగుతుంది.

బిల్లు_కౌంటరు
జౌళి అన్నా, నాదో మాట. "ఒక కస్టమరుకు ఒకే బిల్లు" అని షరతు పెట్టే షాపులు కూడా ఉన్నాయి. మా వైపు మెంబర్‌షిప్ కార్డు నంబరుతో లింకు చేస్తారు. రెండో బిల్లులో అదే నంబరు కొడితే ఆఫరు పట్టదు.

గాంధీరోడ్డు_జౌళి
బట్టల షాపుల్లో అది తక్కువ. పెండ్లి బట్టలకు నలుగురైదుగురు కలిసే వస్తారు కాబట్టి ఇంకొకరి నంబరు మీద వేయించుకుంటారు. షరతు ఉంటే దాన్ని ఒప్పుకోమని మనం అనడానికి లేదు, అది షాపువాడి ఇష్టం. అప్పుడు 3100, 2730లనే పోల్చుకుని బైటికి రావాలి.

తాతయ్యగుంట_వాసి
ఎన్ని రకాల ధరలున్నా ఒక్క చూపులో తేల్చుకునే గుర్తు ఏదైనా ఉందా? ప్రతిసారీ ఫోన్ తీసి లెక్క వేయలేం.

బిల్లు_కౌంటరు
ఉంది. మొదటి రెండూ ఒకే ధర అనుకుని మూడోది వాటిలో ఎంత వంతో చూడండి. 20 శాతం తగ్గింపుతో పోటీ అయితే మూడోది సగం ధర ఉంటే సమానం. 25 శాతంతో అయితే మూడింట రెండు వంతులు ఉండాలి. 30 శాతంతో అయితే ఏడింట ఆరు వంతులు, అంటే దాదాపు 86 శాతం ఉండాలి. అంతకు తగ్గితే నేరుగా తగ్గింపే మేలు.

900 చొక్కాలతో చూస్తే 30 శాతాన్ని దాటాలంటే మూడో చొక్కా కనీసం 770, 780 దగ్గర ఉండాలి. 400ది పెడితే 20 శాతం తగ్గింపు కూడా రాదు, అది 450 దగ్గర సమానమవుతుంది.

పైన చెప్పిన సబ్బు కట్టకూ ఇదే వర్తిస్తుంది. 75 గ్రాములు 125లో 60 శాతం. సగం దాటింది కాబట్టి 20 శాతం తగ్గింపు కంటే నయం, 86 దాటలేదు కాబట్టి 30 శాతం కంటే తక్కువ. లెక్క కడితే 23 వచ్చింది కదా, సరిగ్గా అక్కడే.

లక్ష్మి_బైరాగిపట్టెడ
ఇదే గుర్తు బ్రెడ్డుకు కూడా పని చేస్తుందండీ. మూడో ప్యాకెట్ ధర అదే అయినా అందులో ఎంత తింటామన్నదే దాని అసలు విలువ. 400 గ్రాముల బ్రెడ్డు రెండుకు ఒకటి ఉచితం తీసుకుంటే, 30 శాతం తగ్గింపును దాటాలంటే మూడో ప్యాకెట్లో దాదాపు 343 గ్రాములు తినాలి. రెండు మూడు ముక్కలు బూజు పట్టి పారేస్తే ఆఫరు సమానానికి వచ్చేస్తుంది, అంతకు మించితే నష్టం. పైగా ఆఫరు పెట్టే బ్రెడ్డుకు గడువు ఒకటి రెండు రోజులే మిగిలి ఉంటుంది, అందుకే పెడతారు. మూడు ప్యాకెట్ల మీదా తేదీలు చూడాలి. ఉచితంగా ఇచ్చే దాని మీద మరీ ముందు తేదీ ఉండొచ్చు.

శీను_కొర్లగుంట
మిగిలిందాన్ని ఫ్రిజ్‌లో పెడితే సరి.

లక్ష్మి_బైరాగిపట్టెడ
ఫ్రిజ్‌లో బూజు ఆలస్యమవుతుంది గానీ బ్రెడ్డు గట్టిపడుతుంది. ఫ్రీజర్‌లో పెడితే నిలుస్తుంది, ముక్కకు ముక్క విడదీసి. మీ ఇంట్లో ఫ్రీజర్‌లో చోటుంటే మీ లెక్క వేరు.

పద్మజ_ఎంఆర్‌పల్లి
ఈ రోజు రెండు షాపులూ చూసొచ్చాను. తిలక్ రోడ్డు షాపులో ఆ సబ్బు మామూలు రోజుల్లో 46కే అమ్ముతారట, పక్కనే పాత ధర పలక ఇంకా ఉంది. ఆఫరులో మాత్రం 50 చొప్పున వేస్తున్నారు. బైపాస్‌లో బోర్డు మీద "30 శాతం వరకు" అని ఉంది. "వరకు" అన్నది నేను నిన్న గమనించలేదు. సబ్బు దగ్గర పలక మీద 25 శాతం.

బిల్లు_కౌంటరు
అయితే లెక్క మొత్తం మళ్ళీ వేయాలి. బైపాస్‌లో బిళ్ళ 37 రూపాయల 50 పైసలు. తిలక్ రోడ్డులో మూడుకు 33 రూపాయల 33 పైసలే, అది మారలేదు. కానీ మీకు దొరికే తగ్గింపు 50 మీద కాదు, మామూలుగా దొరికే 46 మీద చూడాలి. అప్పుడు 33 కాదు, 27 శాతం పైచిలుకు. ఆఫరు రోజున రెండే తీసుకుని మూడోది మర్చిపోతే మామూలు రోజు కంటే ఎనిమిది రూపాయలు ఎక్కువ కట్టినట్టు.

నాలుగు కొంటే ఇప్పుడు రెండు షాపులూ సమానం: 150, 150. మూడు, ఆరు, పన్నెండు దగ్గర తిలక్ రోడ్డే. అయిదు కొనాలంటే ఆరోదీ పట్టుకుని తిలక్ రోడ్డులో 200 కట్టండి. బైపాస్‌లో ఆరుకు 225.

శాతం ఎంతని కాదు, ఏ ధర మీద శాతమో అడగండి. ఎమ్మార్పీ మీద వేసే షాపులుంటాయి, అప్పటికే తగ్గించిన ధర మీద వేసేవీ ఉంటాయి. 46 మీద 25 శాతమైతే బిళ్ళ 34 రూపాయల 50 పైసలు పడేది.

చిత్తూరు_చిన్నోడు
నా అంగట్లో ఇంకో మెలిక ఉండాది. 30 శాతం తగ్గింపు తర్వాత జీఎస్టీ వేరే అంటాండారు.

గాంధీరోడ్డు_జౌళి
చొక్కాకు తగిలించిన చీటీ మీద ఎమ్మార్పీ, అన్ని పన్నులూ కలిపి అని రాసి ఉంటే పన్ను అందులోనే ఉంది. దాని మీద తగ్గించి మళ్ళీ పన్ను కలపడం తప్పు. 900 మీద 30 శాతం పోగా 630. దాని మీద 5 శాతం కలిపితే 661 రూపాయల 50 పైసలు. 30 శాతం అనుకున్నది 26న్నర శాతమైంది. చీటీ చూపించి అడుగు. వినకపోతే బిల్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పు.

ఉచితంగా వచ్చే చొక్కాకు విడిగా పన్ను వేస్తామని కూడా కొందరంటారు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు ఒక ధరకు రెండు అమ్మినట్టేనని జీఎస్టీ వాళ్ళు 2019 మార్చిలో సర్క్యులర్ ఇచ్చారు. నువ్వు కట్టిన 1800లోనే మూడింటి పన్నూ ఉంటుంది.

తాతయ్యగుంట_వాసి
వాపసు సంగతేంటి? కొలత సరిపోక ఒక చొక్కా తిరిగిస్తే ఎంతిస్తారు?

గాంధీరోడ్డు_జౌళి
అది షాపును బట్టి ఉంటుంది, అందుకే బిల్లులో ఒక్కో చొక్కా ఎదురుగా ఏ అంకె ఉందో చూడాలి. 900, 900, 400 చొక్కాలు 1800కు వచ్చాయనుకో. చాలా సాఫ్ట్‌వేర్లు తగ్గింపును మూడింటి మీదా పంచుతాయి. 900ది 736గా, 400ది 327గా పడుతుంది. 900 చొక్కా తిరిగిస్తే 736 చేతికొస్తుంది. కొన్ని షాపుల్లో పంచరు, ఉచితందాని ఎదురుగా సున్నా ఉంటుంది. అక్కడ 900ది తిరిగిస్తే ఆఫరు చెదిరిపోయిందని మిగిలిన రెండింటినీ పూర్తి ధరకు లెక్కేస్తారు. అంటే 1300 పట్టుకుని 500 ఇస్తారు. నేరుగా 30 శాతం షాపులో ఈ గొడవ లేదు. 630కి కొన్నది 630కి పోతుంది.

పిల్లల కొలత ఖాయంగా తెలియకపోతే నేనైతే 130 లాభం కోసం ఆఫరులో వేయించను.

బిల్లు_కౌంటరు
అది ఒప్పుకోను అన్నా. కొలత తేడా వస్తే డబ్బు వాపసు కాదు, మార్పిడి చేసుకుంటారు. అదే ధర చొక్కా తీసుకుంటే ఆఫరు చెదరదు.

గాంధీరోడ్డు_జౌళి
అదే ధరలో ఆ కొలత ఉంటే. పెండ్లిళ్ళ సీజన్లో పిల్లల కొలతలు ముందే అయిపోతాయి.

చిత్తూరు_చిన్నోడు
పెద్దోళ్ళవి మూడూ ఆఫరు అంగట్లో 1800కు, పిలకాయలవి మూడు 30 శాతం అంగట్లో 840కి తీస్తే ఎట్లుంటాది? మొత్తం 2640. నలభై ఎక్కువ, కానీ పిలకాయలవి మార్చుకునేదానికి బాధ ఉండదు.

గాంధీరోడ్డు_జౌళి
అలా చెయ్. 840 అంగట్లో జీఎస్టీ సంగతి ముందు తేల్చుకో.